శీనమ్మ పెట్టిన ఐదో పద్ధతి

బేతేలు కాలనీలో నలభై ఇళ్లున్నాయి. నలభై ఇళ్లకూ కలిపి ఒక బోరు, ఒక నీళ్ల ట్యాంకు, పదకొండు వీధి దీపాలు, ఒక సంఘం. ఆత్మకూరులో అందరూ ఆ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయంటారు. సంఘం మీటింగుకు ఒక్కసారి వచ్చినవాళ్లు నీళ్లే నయమంటారు.

ఆ సంఘానికి పద్నాలుగేళ్లు కోశాధికారిగా ఉన్నవాడు శీనమ్మ భర్త వరప్రసాదం. ఆర్టీసీ కండక్టరు. ఉదయగిరికి పెళ్లిచూపులకు కూడా తన డ్యూటీ బస్సులోనే వచ్చి, పిల్లను చూసి, కాఫీ తాగి, అదే బస్సుకు విజిలు వేసుకుంటూ వెళ్లిపోయిన మనిషి. చిల్లర లెక్కలో ఆయనకు తప్పు పోయిందని విన్నవాళ్లు లేరు. సంవత్సరానికోసారి చందా నోటీసు రాయడం, వసూలు చేయడం, రసీదులు చింపి ఇవ్వడం అంతా ఆయనే. శీనమ్మ ఉదయగిరి మిషన్ బడిలో ఐదో తరగతి చదివింది. ఆయన రాస్తుంటే పక్కన కూర్చుని చిక్కుళ్లు తుంచేది. అంతే ఆమెకు సంఘంతో ఉన్న సంబంధం.

పోయిన నవంబరులో వరప్రసాదం చనిపోయాడు. సమాధి కార్యక్రమాలు అయ్యాక, కొత్త సంవత్సరం వచ్చాక, సంఘం కార్యదర్శి మల్లికార్జున, అధ్యక్షుడు జయపాల్ ఇద్దరూ ఇంటికి వచ్చారు. మల్లికార్జున మండలాఫీసులో పనిచేసి రిటైరయినవాడు. కాగితం మీద సంతకం లేకపోతే వర్షం పడినా నమ్మడు. జయపాల్ బడిపంతులు, చర్చిలో పెద్ద. ఎవరు ఏం చెప్పినా "అదీ నిజమే" అంటాడు.

"అమ్మా చెల్లెమ్మా," అన్నాడు మల్లికార్జున, "రసీదు పుస్తకం, పాసుబుక్కు, సంఘం ముద్ర. ఇవి ఇచ్చేస్తే నీకు భారం తగ్గతాది."

శీనమ్మ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. తెచ్చింది కానీ చేతికి ఇవ్వలేదు. కొత్త సంవత్సరానికని ఆయన ముందే తెచ్చి పెట్టుకున్న పుస్తకం అది. మొదటి అట్ట మీద ఆయన అక్షరాలు. "కాలనీ చందా" అని రాసి కింద గీత కొట్టి, ఆ గీత సరిగ్గా రాలేదని దాని మీదే ఇంకో గీత కొట్టి ఉంది.

"ఈ సంవత్సరం నేను రాస్తాను అన్నా," అంది.

పక్కింట్లో మిక్సీ ఆగినట్టు ఇద్దరూ ఆగిపోయారు. శీనమ్మ మాట్లాడటమే అరుదు. అడగడం అంతకంటే అరుదు.

"రూలు ఒప్పుకోదమ్మా. కోశాధికారిని ఎన్నుకోవాల," అన్నాడు మల్లికార్జున.

"అదీ నిజమే," అన్నాడు జయపాల్. మళ్లీ శీనమ్మ ముఖం చూసి, "అయినా వదిన రాస్తే తప్పేముండాది? ఏప్రిల్ ముప్పైకి గడువు. మే ఒకటో తేదీ మీటింగులో లెక్క చూస్తాం. తప్పు లేకుంటే పుస్తకం ఆమె దగ్గరే. తప్పుంటే నీకు ఇచ్చేస్తాది. సరేనా?" అన్నాడు.

ఆ రోజు నుంచి శీనమ్మకు ఒకటే ధ్యాస. తప్పు పోకూడదు. పుస్తకం పోకూడదు.

నోటీసు రాయడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. పాత నోటీసు పక్కన పెట్టుకుని, తేదీలు ఒకటికి నాలుగుసార్లు చూసుకుని మార్చింది. ఆమె అక్షరాలు పెద్దవి. ఒక్కొక్కటీ పెనం మీద విడిగా పోసిన దోసెలా ఉంటుంది. ఏప్రిల్ ఒకటిన బోరు గది తలుపు మీద అతికించింది:

"బేతేలు కాలనీ నివాసుల సంక్షేమ సంఘం. సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, ఈ సంవత్సరపు చందా ఇంటికి 1,200 రూపాయలు. కట్టవలసిన ఆఖరు తేదీ ఏప్రిల్ 30. గడువు దాటిన తర్వాత ప్రతి నెలకు గాని, నెలలో కొంత భాగానికి గాని 50 రూపాయలు అపరాధ రుసుము. మూడు నెలలు దాటితే పేరు బోర్డు మీద రాయబడును, సర్వసభ్య సమావేశంలో ఓటు ఉండదు. కట్టే పద్ధతులు: ఒకటి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపు కోశాధికారికి నగదు. రెండు, సంఘం పేర చెక్కు. మూడు, సంఘం బ్యాంకు ఖాతాలో జమ. నాలుగు, ఈ కింద అతికించిన గళ్ల బొమ్మను ఫోనుతో స్కాను చేసి. మూడు, నాలుగు పద్ధతుల వారు డోరు నంబరు తప్పక రాయవలెను. ఏ పద్ధతిలో కట్టినా రసీదు తీసుకోవలెను."

ఇంతవరకూ వరప్రసాదానిదే. దాని కింద శీనమ్మ సొంతంగా ఒక వాక్యం చేర్చింది:

"ఐదు, కవరులో పెట్టి బోరు గది పక్కన పెట్టెలో వేయవచ్చును."

ఈ ఐదో పద్ధతికి కారణం ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఆరింటికి నగదు పట్టుకుని మనిషి వస్తాడు. కూర్చుంటాడు. గోడ మీద ఫోటో వైపు చూస్తాడు. "ఎంత మంచోడమ్మా" అంటాడు. ఆమె కాఫీ పెట్టాలి. ఆయన ఎలా పోయాడో మొదటి నుంచి చెప్పాలి. అలా నలభై సార్లు చెప్పడం తన వల్ల కాదనుకుంది.

కవర్లకు కూడా డబ్బు తగలేయకుండా తోవ దొరికింది. చర్చిలో కృతజ్ఞత కూడిక కోసం అచ్చేసిన కవర్లు ఒక కట్ట మిగిలి బీరువాలో పడి ఉన్నాయి. తెల్లటి, బిగువైన, మంచి కవర్లు. పాస్టరుగారిని అడిగి తెచ్చుకుని, ఇంటికొకటి చొప్పున పంచేసింది. పైసా ఖర్చు లేదు. వరప్రసాదం ఉంటే మెచ్చుకునేవాడనుకుంది.

అక్కడే దెబ్బ తింది.

ఏప్రిల్ ముప్పై దాటింది. మరునాడు మే డే సెలవు. సాయంత్రం బోరు గది ముందు కుర్చీలు వేశారు. మల్లికార్జున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి వెనక పెన్ను పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన భార్య పిచ్చమ్మ, పక్కనే ఇంకో ఆడమనిషితో పచ్చళ్ల సంగతి మాట్లాడుతోంది.

జయపాల్ బ్యాంకు నుంచి తెచ్చిన కాగితం చదివాడు. ఫోన్ల ద్వారా, ఖాతా ద్వారా కట్టినవాళ్లు పన్నెండు మంది. అందరూ డోరు నంబర్లు రాశారు. చెక్కు ఒకటి, జయపాల్‌దే. సంతకం పెట్టడమంటే ఆయనకు ఇష్టం. ఆ పదమూడింటికీ శీనమ్మ రసీదులు ఎప్పుడో రాసి ఇచ్చేసింది. చేతికి నగదు ఒక్కరూ ఇవ్వలేదు. ఐదో పద్ధతి కాలనీకి అంతగా నచ్చింది.

"ఇక పెట్టె," అన్నాడు మల్లికార్జున.

తాళం చెవి జయపాల్ దగ్గరుంది. పెట్టె తెరిచి బల్ల మీద బోర్లించారు. కవర్లు ఇరవై ఆరు. లోపల డబ్బు లెక్కపెడితే ముప్పై ఒక్క వేల రెండు వందలు. ఒక్కో కవరులో సరిగ్గా పన్నెండు వందలు. శీనమ్మ గుండె కుదుటపడింది. అంతలోనే మల్లికార్జున ఒక కవరును అటు తిప్పి, ఇటు తిప్పి, దీపం కేసి పెట్టి చూశాడు.

"పేరేదమ్మా?"

పేరు లేదు. దేనిమీదా లేదు. ఇచ్చేది గుట్టుగా ఇవ్వాలని ఆ చర్చి కవర్ల మీద పేరుకు చోటే పెట్టరు. "ప్రార్థనాంశము" అని అచ్చు, దాని ఎదురుగా చుక్కల గీత, అంతే. చర్చికి వెళ్లేవాళ్లు అలవాటు చొప్పున పేరు రాయలేదు. వెళ్లనివాళ్లు కవరు మీద చోటు లేదు కదా అని రాయలేదు. చుక్కల గీతను మాత్రం ఎవరూ ఖాళీగా వదల్లేదు. ఏ దేవుడైతేనేం, అడిగే అవకాశం వచ్చినప్పుడు ఎందుకు పోగొట్టుకోవాలనుకున్నట్టుంది.

"డోరు నంబరు రాయాలని మూడు, నాలుగు పద్ధతులకు పెట్టినావు. ఐదుకు పెట్టలేదు," అన్నాడు మల్లికార్జున. చెవి వెనక పెన్ను తీశాడు. "ఇల్లు నలభై. తెలిసినవి పదమూడు. తెలియనివి ఇరవై ఏడు. కవర్లు ఇరవై ఆరు. అంటే ఒక ఇల్లు ఎగ్గొట్టినాది. ఏ ఇల్లు? తెలీదు. కాబట్టి తేలేదాకా ఇరవై ఏడు ఇళ్లూ కట్టనట్టే. ఇంటికి యాభై అపరాధం. మొత్తం పదమూడు వందల యాభై."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"ఏంది సామీ, కట్టినోళ్లకి ఫైనా?" అని లేచాడు టైర్ల షాపు కోటేశ్వర్.

"కట్టినట్టు రసీదు ఉండాదా?"

"పెట్టెకాడ రసీదు ఎవురిస్తారయ్యా! పెట్టె ఇస్తాదా?"

"అదీ నిజమే," అన్నాడు జయపాల్.

"అయితే మీ కవరు ఏదో చూపించండి. రాసిన సంగతి చెప్పి, మీ కవరు మీరు తీసుకోండి," అన్నాడు మల్లికార్జున. తనకు ఆ ఉపాయం తోచినందుకు తనకే సంతోషం వేసి, మొదటి కవరు తీసి బయటికే చదివాడు. "సుగరు తగ్గాల. ఎవురిది?"

ఏడుగురు చేతులెత్తారు.

మల్లికార్జున ఆ కవరు పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. "మా పెద్దల్లుడు తాగుడు మానాల." ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ నేల వైపు చూశారు. మూడో వరసలో ఒకావిడ పైట చెంగు సర్దుకుంటూ ఉండిపోయింది. శీనమ్మ చెయ్యి చాపి ఆ కవరు మెల్లిగా తన వైపు లాక్కుంది.

"అన్నా, చదవబాక," అంది.

"లెక్క తేలాల గదమ్మా," అంటూ మూడోది తీశాడు. చదవబోతూనే నవ్వు వచ్చేసింది ఆయనకు. "వినండి, వినండి. 'మా ఆయనకు ఈ సంఘం పిచ్చి వదలాల. ఒక్కపూటన్నా కూర తిని బాగుందని చెప్పాల.' హహ్హ! ఎవురి ఇల్లాలో పాపం! ఎవురయ్యా ఆ మహానుభావుడు? ఇంట్లో కూర బాగుందని ఒక్క మాట చెప్పలేవా?"

ఎవరూ నవ్వలేదు. పిచ్చమ్మ వీధి దీపం వైపు తల ఎత్తి, దాని చుట్టూ తిరుగుతున్న పురుగుల్ని లెక్కపెడుతున్నట్టు చూస్తోంది. కోటేశ్వర్ దగ్గు వచ్చినట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మల్లికార్జున మాత్రం ఇంకా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కవరు బల్ల మీద పెట్టాడు.

శీనమ్మ లేచింది. కవర్లన్నీ దగ్గరికి లాగి, చదివిన వైపు కిందికి తిప్పి పేర్చింది.

"ఇంక ఎవురూ చదవాల్సిన పన్లేదు. ఏది ఎవురిదో నాకు తెలుసు."

"నీకెట్టా తెలుసమ్మా? పేర్లు లేకుండా?"

దీనికి జవాబు చెప్పాలంటే పద్నాలుగేళ్ల సంగతులు చెప్పాలి. పెద్దగా మాట్లాడని మనిషి ఎదురుగా ఉంటే మిగిలినవాళ్లు ఆగకుండా మాట్లాడతారు. నీళ్ల పంపు దగ్గర, చర్చి వరండాలో, రేషను షాపు వరసలో కాలనీ మొత్తం తన గోడు ఆమె చెవిలో పోసింది. ఆమె "ఊ" అనేది. అది విని ఇంకొంచెం పోసేవాళ్లు. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి స్థలానికి పట్టా రాలేదో, ఎవరికి మోకాలు ఏ వైపు నొప్పో ఆమెకు తెలుసు.

ఒక్కో కవరు తీసి, తనలో తాను చదువుకుని, డోరు నంబరు పిలిచింది.

"పదిహేడు."

రిటైర్డు కాంపౌండరు సైమన్ వచ్చాడు. ఆమె కవరు ఆయన కళ్లకు మాత్రమే కనిపించేలా తిప్పింది. ఆయన చూసి తల ఊపాడు. రసీదు రాసి చింపి ఇచ్చింది. తర్వాత ఇరవై రెండు. తర్వాత తొమ్మిది. సుగరు తగ్గాలన్న కవర్లు నాలుగున్నాయి. వాటి దగ్గర కూడా ఆగలేదు. ఒకదానికి పిండి అంటుకుని ఉంది, అది అట్లు పోసి అమ్మే రజినిది. ఒకదాని మూత అంటించకుండా దారంతో కుట్టి ఉంది, కుట్టుమిషను సారాది. ఇంకొక దానిలో "సుగరు" పక్కనే "బీపీ కూడా" అని రాసి ఉంది, అది ఏది అడిగినా రెండు అడిగే కోటేశ్వర్‌ది. నాలుగోదానిలో నోట్లన్నీ ఒకే వైపు తిప్పి, మడత లేకుండా పేర్చి ఉన్నాయి. దాన్ని బ్యాంకు అటెండరు పెంచలప్రసాద్‌కు చూపించింది. ఆయన నోట్లను చూసి మురిసిపోయి, కవరు మీద రాసింది చదవకుండానే "నాదే" అన్నాడు.

మూడో వరస ఆవిడ వచ్చినప్పుడు కవరు చూపించకుండానే రసీదు చేతిలో పెట్టింది. ఆవిడ ఆ చేతిని కొంచెంసేపు అలాగే పట్టుకుంది.

"ఐదు," అని పిలిచింది శీనమ్మ.

ఎవరూ లేవలేదు.

"అన్నా, ఐదో నంబరు మీదే గదా."

"మాదే. ఇంటిదాన్ని ఎప్పుడో వెయ్యమన్నాను," అంటూ మల్లికార్జున దర్జాగా వచ్చాడు. కవరు అందుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. అక్షరాలు గుర్తుపట్టడానికి ఆయనకు రెండోసారి కావలసి వచ్చింది. ఇందాక ఎంత గట్టిగా నవ్వాడో గుర్తుకొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి పిచ్చమ్మ వైపు చూశాడు. పిచ్చమ్మ ఈసారి దీపం వైపు చూడలేదు. ఆయన వైపే చూసింది.

ఆయన డబ్బు తీసి బల్ల మీద పెట్టి, రసీదును, ఖాళీ కవరును కలిపి జేబులో పెట్టుకుని, ముందు వరస వదిలేసి వెనక వరసలో కూర్చున్నాడు.

ఇరవై ఆరూ అయిపోయాయి. రసీదు పుస్తకం ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. డబ్బు సరిపోయింది. కవర్లు సరిపోయాయి. మిగిలింది ఆ ఒక్క ఇల్లు. శీనమ్మ జాబితా మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వచ్చింది. కట్టిన ప్రతి ఇంటికీ టిక్కు ఉంది. వేలు ముప్పై ఒకటో నంబరు దగ్గర ఆగింది. అక్కడ టిక్కు లేదు.

"ఎవురు వదినా?" అన్నాడు జయపాల్.

ఆమె వేలు కదలలేదు. ప్రతి ఏడూ ఏప్రిల్ ఒకటిన, నోటీసు అతికించి ఇంటికి రాగానే వరప్రసాదం చేసే మొదటి పని పన్నెండు వందలు తీసి బల్ల మీద పెట్టి, తన పేరున తనే ఒకటో నంబరు రసీదు రాసుకోవడం. "మన చేతిలో రసీదు లేకుండా ఊరోళ్లని ఎట్టా అడగతామే?" అనేవాడు. నోటీసంతా ఆయనలాగే రాసింది. ఇది మాత్రం నోటీసులో లేదు.

"మాదే," అంది శీనమ్మ.

కాలనీ మొత్తం పెదవులు బిగించుకుని కూర్చుంది. భర్త పోయి ఆరు నెలలు కాని మనిషి ముందు నవ్వడం ఎట్లా? కోటేశ్వర్ తువ్వాలు మళ్లీ నోటికి వెళ్లింది. సైమన్ భుజాలు ఊగుతున్నాయి. అప్పుడు ఎక్కడి నుంచో చిన్న కీచుమన్న శబ్దం వచ్చింది. అది శీనమ్మ దగ్గర నుంచే వచ్చింది. నవ్వుతోంది. నవంబరు తర్వాత ఆమె గొంతులోంచి అలాంటిది రావడం అదే మొదలు. ఆమెకే కొత్తగా వినిపించింది. ఇక ఎవరూ ఆగలేదు. బోరు గది పైన వాలిన కాకులు లేచిపోయాయి.

"వసూలు చేసే మనిషే ఎగ్గొట్టినాదే!" అని కళ్లు తుడుచుకున్నాడు కోటేశ్వర్.

"ఒక్క రోజే గదా వదినా. ఆ యాభై మాఫీ చేద్దాంలే," అన్నాడు జయపాల్.

"నెలలో కొంత భాగానికైనా యాభై అని నేనే రాసినాను. మాఫీ చేయొచ్చని యాడా రాయలేదే," అంది శీనమ్మ. ఇంటికి వెళ్లి పదమూడు నిమిషాల్లో తిరిగొచ్చింది. తన వంతుకు వచ్చిన కవరు ఇంట్లో టీవీ కింద అలాగే ఉండిపోయింది. దానిలో పన్నెండు వందల యాభై పెట్టి తెచ్చింది. ప్రార్థనాంశము చుక్కల మీద "డోరు నంబరు 31" అని రాసింది.

రసీదు పుస్తకం తెరిచింది. నలభయ్యో నంబరు. 'శ్రీ' అని రాసి, అలవాటుగా 'వ' మొదలుపెట్టింది. పెన్ను ఆగింది. ఆ రెండక్షరాలనూ కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, "శీనమ్మ" అని రాసింది. చందా పన్నెండు వందలు, అపరాధ రుసుము యాభై, విడివిడిగా వేసింది. చింపి, తన చీర కొంగులో ముడేసుకుంది. తర్వాత పుస్తకం, ముద్ర, పాసుబుక్కు మూడూ తీసి బల్ల మీద జయపాల్ ముందు పెట్టింది.

"మాట మాటే. తప్పు పోయినాది. తీసుకోండి."

ఆ మాట అంటూనే ఆమె చెయ్యి పుస్తకం అట్ట మీదే ఉండిపోయింది. రెండు గీతలు కొట్టిన చోట.

జయపాల్ "అదీ..." అని మొదలుపెట్టి "నిజమే" అనలేకపోయాడు. అందరూ వెనక వరస వైపు తిరిగారు. మల్లికార్జున లేచి నిలబడ్డాడు. జేబులో కవరు బరువు తెలుస్తున్నట్టు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఇరవై ఆరు ఇళ్ల సంగతులు ఆమె కళ్లతో చదివింది, ఒక్కటి కూడా నోటితో చదవలేదు. ఆ సంగతి అందరి ముఖాల మీదా కనిపిస్తోంది, తన ముఖం మీదతో సహా.

"లెక్కలో పైసా తేడా లేదు," అన్నాడు గొంతు సవరించుకుని. "ఆలస్యం ఒక సభ్యురాలు చేసినాది. కోశాధికారి దాన్ని పట్టుకున్నాది, అపరాధం వసూలు చేసినాది. కోశాధికారి తప్పు ఇందులో యాడుండాది? నేను ప్రతిపాదిస్తా ఉండాను. పుస్తకం ఆమె దగ్గరే ఉండాల. వచ్చే ఏడు ఐదో పద్ధతికి కూడా డోరు నంబరు రాయాలని చేర్చాల."

"బలపరుస్తా ఉండాను!" అని ఒకేసారి పదిమంది అరిచారు. అందులో కొన్ని గొంతులు కొంచెం భయంగా కూడా ఉన్నాయి.

శీనమ్మ పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. మాట్లాడే కోటా ఆ రోజుకు అయిపోయింది.

మరునాడు పొద్దున నీళ్ల పంపు దగ్గర పిచ్చమ్మ బిందె కింద పెట్టి, అటూ ఇటూ చూసి, శీనమ్మ చెవి దగ్గరికి వచ్చింది.

"రాత్రి బీరకాయ కూర చేసినాను వదినా. తిని, బాగుండాదన్నాడు. ఉప్పెయ్యడం మర్చిపోయినా ఆ కూరకి. అయినా బాగుండాదన్నాడు."

"ఊ," అంది శీనమ్మ.

బిందె నిండి పొర్లిపోతోంది. పిచ్చమ్మ పట్టించుకోకుండా ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"ఆ కవర్లు ఇంకేమన్నా మిగిలుండాయా వదినా? ఒక్కటి చాలు. గురక సంగతొకటి ఉండాది."